"డాక్టరు గారు ఎన్నింటికి వస్తారు?": రెండు భాషల్లో స్పా మెనూ రాసే పద్ధతి

విశాఖలో ఒక హోటల్ వాళ్లు తమ స్పా మెనూ తెలుగు భాగాన్ని ఒకసారి సరిచూడమని నాకు పంపారు. మొదటి వరుసలోనే "లోతైన కణజాల చికిత్స" అని ఉంది. ఇంగ్లీషు వైపు చూస్తే అది డీప్ టిష్యూ థెరపీ. ఆ వరుస చదివిన ఒక పెద్దాయన "డాక్టరు గారు ఎన్నింటికి వస్తారమ్మా?" అని అడిగారట. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి నవ్వుతూ చెప్పింది కానీ, ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. చికిత్స అని రాసి ఉంటే డాక్టరు గురించే అడుగుతారు.

స్పా మెనూల్లో రెండు రకాల తప్పులు కనిపిస్తాయి. ఒకటి, జబ్బులు నయమవుతాయన్నట్టు రాయడం. రెండోది, పేర్లను మాటకు మాట అనువదించి నవ్వులపాలు కావడం. వీటిని విడివిడిగా సరిదిద్దాలని చూస్తారు గానీ, చాలాసార్లు రెండూ ఒకటే తప్పు. ఇంగ్లీషు స్పా వాడుకలో ట్రీట్‌మెంట్, థెరపీ అనే మాటలు అరిగిపోయాయి. అక్కడ గోళ్లకు రంగు వేయడం కూడా ట్రీట్‌మెంటే. తెలుగులో చికిత్స అనే మాట అలా అరగలేదు, ఇంకా ఆసుపత్రి వాసనే వేస్తుంది. ఇంగ్లీషులో ఎవరూ పట్టించుకోని మాట తెలుగులోకి వచ్చేసరికి వైద్యం చేస్తామన్న వాగ్దానంగా మారిపోతుంది. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

అందుకని నేను పాటించే పద్ధతిలో అనువాదం ఉండదు. ముందు గదిలో ఏం జరుగుతుందో కాగితం మీద పెడతాను. ఆ కాగితం నుంచి తెలుగు విడిగా, ఇంగ్లీషు విడిగా రాస్తాను.

1. ముందు థెరపిస్ట్‌తో కూర్చోండి

పాత మెనూ పక్కన పెట్టేయండి. ఆ పని చేసే మనిషి దగ్గర కూర్చుని, ఒక్కో అంశం గురించి ఇవే ప్రశ్నలు అడగండి: ఒంట్లో ఏ భాగాలకు చేస్తారు? దేనితో చేస్తారు, అరచేతితోనా, మోచేతితోనా, రాయితోనా? గట్టిగానా, మెల్లగానా? నూనె ఏది, వెచ్చగా ఉంటుందా? బట్టలు ఎంతవరకు తీయాలి? బల్ల మీద పడుకున్నప్పటి నుంచి లేచేదాకా ఎంతసేపు?

చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి. మెనూలో 60 నిమిషాలు అని ఉంటుంది. అందులో పది నిమిషాలు కాళ్లు కడగడానికి, ఇంకో పది స్నానానికి పోతాయి. ఇంగ్లీషు వైపు "60 నిమిషాల మసాజ్" అని, తెలుగు వైపు "మొత్తం గంట" అని ఉంటే అవి రెండు వేర్వేరు హామీలు. మసాజ్ ఎంతసేపో, స్నానంతో కలిపి ఎంతసేపో కాగితం మీదే తేల్చుకోండి.

నూనె పేరు కూడా ఖచ్చితంగా రాసుకోండి. "మూలికల నూనె" అంటే చాలదు. నువ్వుల నూనె పడనివాళ్లు ఉంటారు, బాదం నూనె పడనివాళ్లూ ఉంటారు. మెనూలో మీరు వర్ణనకు పెట్టే మాటల కంటే ఈ ఒక్క మాట వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

2. పేర్ల సంగతి తేల్చండి

పేర్లను మూడు కుప్పలుగా విడదీయాలి. మొదటిది, ఉన్నది ఉన్నట్టు ఉంచేవి. స్వీడిష్ మసాజ్, థాయ్ మసాజ్, షియాట్సు, ఫేషియల్, శిరోధార. వీటిని అనువదించకూడదు. కస్టమర్ ఫోన్ చేసి అడిగేది ఆ పేరుతోనే, బిల్లులో వచ్చేదీ ఆ పేరే. "స్వీడన్ దేశపు మర్దన" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పేరు ఉంచి, కింద ఒక వాక్యంలో ఏం చేస్తారో చెబితే సరిపోతుంది.

రెండో కుప్పలో తెలుగులో ముందే పేరున్నవి ఉంటాయి. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఇంగ్లీషు మెనూలో బాడీ స్క్రబ్ అనో, బాడీ పాలిష్ అనో ఉంటుంది. దాన్ని "శరీర పాలిష్" అంటే బూట్లు గుర్తొస్తాయి. కానీ శెనగపిండితోనో పెసరపిండితోనో, పసుపు కలిపి ఒళ్లు రుద్దడానికి మనకు నలుగు అనే మాట ఉంది. పెళ్లికూతురికి పెట్టేది, పండగపూట పిల్లలకు పెట్టేది అదే. పిండితో చేసే స్క్రబ్ అయితే నిస్సందేహంగా "నలుగు" అనండి. ఉప్పుతోనో కాఫీపొడితోనో చేసేదైతే మాత్రం అనకండి, "కాఫీ స్క్రబ్" అనే ఉంచండి. నలుగు అనగానే పిండి, పసుపు మనసులోకి వస్తాయి. అవి లేకపోతే మోసపోయామనుకుంటారు.

ఇలాంటి ఇంటి మాటలతో జాగ్రత్త కూడా అవసరం. హెడ్ మసాజ్‌ను "తలంటు" అని రాసిన మెనూ చూశాను. తలంటు అంటే నూనె పెట్టి, కుంకుడురసంతోనో శీకాయతోనో తలస్నానం చేయించడం. స్నానం లేని తలంటు ఉండదు. పైగా ఎవరినైనా గట్టిగా తిట్టడాన్ని కూడా తలంటడం అంటాం. అలాగే ఫుట్ మసాజ్‌కు "కాళ్లు పట్టడం" అచ్చ తెలుగే అయినా, పెట్టేది మెనూలో కాబట్టి "పాదాల మసాజ్" మేలు. పనిచేసే అమ్మాయికీ గౌరవంగా ఉంటుంది. "అభ్యంగం" మాత్రం హాయిగా వాడుకోవచ్చు. దీపావళికి, ఉగాదికి అభ్యంగన స్నానం చేసే ఇళ్లలో ఆ మాట అర్థం కాకపోవడం ఉండదు.

మూడో కుప్ప, పేరు తెలియనివి, అనువదిస్తే పాడయ్యేవి. వీటికి పేరు ఎలా పలకాలో అలా రాసి, పక్కన రెండు మూడు మాటల్లో విప్పాలి. బాడీ ర్యాప్‌ను "శరీర చుట్ట" అన్నారు ఒకచోట. చుట్ట అంటే మనకు కాల్చేది. "సముద్రపు నాచు చుట్ట" అని చదివితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అక్కడ "బాడీ ర్యాప్: ఒంటికి నాచు పూసి, వెచ్చని గుడ్డ కప్పి ఉంచుతాం" అంటే పని అయిపోయింది. రిఫ్లెక్సాలజీని "ప్రతిచర్యా శాస్త్రం" అనడం కంటే "అరికాళ్ల మసాజ్" అనడం నయం. ఫోర్ హ్యాండ్ మసాజ్ "నాలుగు చేతుల మసాజ్" అయితే ఒక మనిషికే నాలుగు చేతులున్నట్టు అనిపిస్తుంది. "ఇద్దరు కలిసి చేసే మసాజ్" అనండి.

కేరళ పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆకులను మూటగా కట్టి, వెచ్చని నూనెలో ముంచి ఒంటికి అద్దే పద్ధతికి మలయాళంలో ఇలక్కిళి అని పేరు. ఇల అంటే ఆకు, కిళి అంటే మూట. ఇంగ్లీషులో ఆ 'ళి' శబ్దానికి జెడ్, హెచ్ అక్షరాలు కలిపి రాస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి తెలుగులోకి దించినవాళ్లు "ఎలకిజి" అని రాశారు. తెలుగువాడికి అందులో ముందు కనిపించేది ఎలక. మలయాళ పేర్లను ఎప్పుడూ ఇంగ్లీషు మీదుగా తేకండి. ఆ భాష తెలిసినవాళ్లచేత పలికించుకుని రాసుకోండి. సాధారణంగా థెరపిస్టుల్లోనే ఒకరైనా కేరళవాళ్లు ఉంటారు.

పంచకర్మ అనే పేరు మాత్రం మెనూలోంచి తీసేయమనే చెబుతాను. వమనం, విరేచనం లాంటివి ఉన్న వైద్య పద్ధతి అది, వైద్యుడి పర్యవేక్షణలో చేయాల్సింది. మీరు చేసేది నూనె మర్దనే అయితే, అభ్యంగం అని మాత్రమే రాయండి.

3. వాక్యం చివర "చేస్తాం" ఉండాలి

ఇంగ్లీషు స్పా వాక్యంలో కర్త ఎప్పుడూ మసాజే. ఆ మసాజే తగ్గిస్తుంది, తొలగిస్తుంది, పునరుజ్జీవింపజేస్తుంది. దాన్నలాగే తెలుగులోకి తెస్తే రెండు నష్టాలు. మొదటిది, అది తెలుగులా ఉండదు. మనం "ఈ మర్దన మీ అలసటను తొలగిస్తుంది" అని మాట్లాడుకోం. రెండోది, మసాజ్ ఏదో చేస్తుందని మొదలుపెట్టగానే, ఏం చేస్తుందో చెప్పాలి. అక్కడే నొప్పులు, నరాలు, రక్తప్రసరణ వచ్చి కూర్చుంటాయి.

కర్తను మార్చేయండి. "నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, తల నుంచి పాదాల దాకా నెమ్మదిగా మర్దన చేస్తాం." ఇక్కడ చేసేది మనం. ఈ వాక్యంలో జబ్బు నయం చేస్తామన్న మాట దూరడానికి సందే ఉండదు. ఇది ఒక్కటే అలవాటు చేసుకున్నా మెనూలో సగం బాగుపడుతుంది.

ఫలితం గురించి అసలు చెప్పకూడదా? చెప్పవచ్చు, కానీ అది మనిషికి తెలిసే అనుభవం దగ్గరే ఆగాలి. హాయిగా ఉంటుంది, సేద తీరినట్టుంటుంది, ఒళ్లు తేలికగా అనిపిస్తుంది, చర్మం మెత్తగా తగులుతుంది. ఇవన్నీ బయటికి కనిపించేవో, ఒంటికి తెలిసేవో. లోపల అవయవాలు ఎలా పనిచేస్తాయో చెప్పడం మొదలైతే గీత దాటినట్టే. "చర్మం మృదువుగా అనిపిస్తుంది" సరే. "చర్మ వ్యాధులు పోతాయి" కుదరదు. "రక్తశుద్ధి జరుగుతుంది" అసలే కుదరదు.

4. చట్టం ఏమంటుందో ఒకసారి చూడండి

మెనూ కూడా ప్రకటనే. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నోటీసులను, కరపత్రాలను, లేబుళ్లను, ఇతర పత్రాలను కూడా ప్రకటనగానే లెక్కిస్తుంది. దాని షెడ్యూల్‌లో ఉన్న జబ్బులకు ఫలానా మందు పనిచేస్తుందని ప్రచారం చేయకూడదు. ఆ జాబితాలో మధుమేహం, రక్తపోటు, పక్షవాతం, ఊబకాయం, కీళ్లవాతం, నాడీమండల రుగ్మతలు, రుతుక్రమ సమస్యలు ఉన్నాయి. ఇవి స్పా మెనూల్లో తరచూ కనబడే మాటలే. బరువు తగ్గించే మూలికల పొడి, వాతనొప్పులకు నూనె అని రాస్తే, మీరు అమ్మేది సేవే అయినా ఆ నూనెను, ఆ పొడిని మందుగా ప్రచారం చేసినట్టవుతుంది. సేవల గురించి తప్పుదారి పట్టించే ప్రకటనల సంగతి 2019 వినియోగదారుల రక్షణ చట్టం చూసుకుంటుంది.

రెండు భాషల మెనూ రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినది ఆ చట్టం కింద 2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాల్లో ఉంది. ప్రకటనలో ఇచ్చిన హామీకి షరతో వివరణో చెబుతూ కింద పెట్టే గమనిక ఏ భాషలో ఇవ్వాలంటే, ఆ హామీ ఏ భాషలో ఉందో ఆ భాషలోనే. అక్షరాల తీరూ అదే ఉండాలి. పైగా గమనిక పెట్టి తప్పుడు మాటను సరిదిద్దుకోలేం. నేను చూసే మెనూల్లో సగం ఇక్కడే దొరికిపోతాయి. తెలుగు వైపు "మోకాళ్ల నొప్పులు మాయం" అని పెద్దగా ఉంటుంది, పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషు గమనిక ఉంటుంది. అది ఎందుకూ పనికిరాదు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, తెలుగులో కొన్ని మాటలకు వేరే చరిత్ర ఉంది. "నరాల బలహీనత" అనే మాట గోడల మీద ఎవరి ప్రకటనల్లో ఉంటుందో అందరికీ తెలుసు. నరాలను ఉత్తేజపరుస్తాం అని మర్యాదగా రాసినా చదివేవాడి మనసు అటే పోతుంది. "స్పెషల్ మసాజ్" అనే పేరూ అంతే. కుటుంబాలతో వచ్చేవాళ్లు ఆ పేజీ దాటేస్తారు, రాకూడని ఫోన్లు వస్తాయి.

5. ఒక అంశాన్ని పూర్తిగా తిరగరాసి చూద్దాం

ఆ హోటల్ మెనూలో మొదటి వరుస కింద ఉన్న వివరణ దాదాపు ఇలా ఉంది: "మా తీవ్రమైన చికిత్స కండరాల లోతైన పొరలను లక్ష్యంగా చేసుకుని విషపదార్థాలను విడుదల చేస్తుంది, గట్టి ఒత్తిడి ద్వారా దీర్ఘకాలిక నొప్పి మరియు ఒత్తిడి నుండి ఉపశమనం కలిగిస్తుంది."

ఇంగ్లీషులో ఇది రోజూ చూసే వాక్యమే. తెలుగులో చదివితే ఒక్కో ముక్కా తన్నుకుంటుంది. తీవ్రమైన చికిత్స అంటే ఐసీయూ. విషపదార్థాలను విడుదల చేస్తుంది అంటే ఒంట్లోకి విషం వదులుతున్నట్టు. గట్టి ఒత్తిడి ద్వారా ఒత్తిడి పోతుందట. ఇంగ్లీషులో ప్రెషర్, స్ట్రెస్ రెండు మాటలు. తెలుగులో రెంటికీ ఒత్తిడే అయ్యేసరికి వాక్యం తన తోక తనే పట్టుకుంది. చేత్తో చేసేదానికి "నొక్కడం" అనండి. మనసుకు సంబంధించినది అసలు వద్దు. ఎవరికైనా చెప్పాల్సి వస్తే "టెన్షన్" అన్నా తప్పులేదు కానీ, అది పోతుందని హామీ ఇవ్వకండి.

థెరపిస్ట్‌ను అడిగితే తేలినది ఇది: వీపు, భుజాలు, తొడల వెనక భాగం మీద ఎక్కువ పని. ముంజేతితో, మోచేతితో, బొటనవేళ్లతో నెమ్మదిగా నొక్కుతారు. చేయి జారిపోకుండా నూనె తక్కువ వాడతారు. మర్నాడు కొందరికి ఒళ్లు కాస్త పచ్చిగా ఉంటుంది. మసాజ్ 60 నిమిషాలు, స్నానంతో కలిపి 75.

ఆ కాగితం నుంచి తెలుగు ఇలా వచ్చింది:

> డీప్ టిష్యూ మసాజ్ (గట్టి మర్దన)
> వీపు, భుజాలు, తొడల మీద ముంజేతితో, బొటనవేళ్లతో నెమ్మదిగా, గట్టిగా నొక్కుతూ చేస్తాం. నూనె తక్కువగా వాడతాం. గట్టిగా ఒళ్లు పట్టించుకోవడం ఇష్టపడేవారికి నచ్చుతుంది. మెల్లగా చేయమని మధ్యలో ఎప్పుడైనా చెప్పవచ్చు. మరుసటి రోజు కొద్దిగా నొప్పిగా అనిపించవచ్చు.
> మసాజ్ 60 నిమిషాలు, స్నానంతో కలిపి 75 నిమిషాలు.

గమనించారా, నొప్పి అనే మాట ఇక్కడ హెచ్చరికగా వచ్చింది. మెనూలో ఆ మాటకు తగిన చోటు అదే.

ఇంగ్లీషు వైపు కూడా పాత వాక్యాన్ని సవరించలేదు, అదే కాగితం చూసి కొత్తగా రాశాం: "స్లో, ఫర్మ్ మసాజ్ ఫర్ ద బ్యాక్, షోల్డర్స్ అండ్ థైస్, విత్ వెరీ లిటిల్ ఆయిల్." తర్వాత మెల్లగా చేయమని చెప్పవచ్చన్న వాక్యం, మర్నాటి సంగతి, సమయం. తెలుగులోని "ఒళ్లు పట్టించుకోవడం" ఇంగ్లీషులో లేదు, దాని బదులు "ఫర్మ్" ఉంది. వాక్యాలు ఒకదానికొకటి అద్దంలా ఉండనక్కర్లేదు. భాగాలు, గట్టితనం, నూనె, సమయం, జాగ్రత్త మాత్రం రెండు వైపులా ఒకటే ఉండాలి.

నలుగుకు వచ్చేసరికి ప్రయాణం ఎదురు దిశలో సాగుతుంది. ముందు తెలుగు: "శెనగపిండి, పసుపు, పెరుగు కలిపి ఒళ్లంతా రుద్ది కడిగేస్తాం. పసుపు ఛాయ కాసేపు ఉండవచ్చు, ముదురు రంగు బట్టలు తెచ్చుకోండి." ఇంగ్లీషులో పేరు నలుగుగానే ఉంచి, శెనగపిండి, పసుపుతో చేసే సంప్రదాయ తెలుగు స్క్రబ్ అని విప్పాలి. అక్కడ చాలామంది "ప్రాచీన ఆయుర్వేద రహస్యం" అని తగిలిస్తారు. నలుగు రహస్యమేమీ కాదు, మన అమ్మమ్మలందరికీ తెలుసు.

6. జాగ్రత్తలు, పరీక్ష, ముద్రణ

జాగ్రత్తల పెట్టె ఒకటి రెండు భాషల్లోనూ ఒకే సైజు అక్షరాల్లో పెట్టండి. "గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, జ్వరం, పుండ్లు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారు బుక్ చేసే ముందే మాకు చెప్పండి. ఏదైనా పడని నూనె ఉంటే చెప్పండి." ఇందులో జబ్బుల పేర్లున్నా తప్పు కాదు. వాటిని నయం చేస్తామనడం లేదు కదా.

తర్వాత తెలుగు భాగాన్ని, ఎప్పుడూ స్పాకు వెళ్లని ఒకరికి ఫోన్‌లో చదివి వినిపించండి. మా మేనత్త నాకు ఈ పని చేసిపెడుతుంది. విన్నాక మూడు ప్రశ్నలు: ఏం చేస్తారు, ఎక్కడెక్కడ చేస్తారు, ఇది దేనికి? మూడోదానికి "హాయికి" అని వస్తే మెనూ బాగున్నట్టు. "నడుంనొప్పికా?" అని వస్తే, ఏ మాట అలా అనిపించిందో అడిగి దాన్ని మార్చండి. తెలుగు చదివినవాళ్లకూ ఇంగ్లీషు చదివినవాళ్లకూ జవాబులు ఒకటే రావాలి.

ప్రెస్‌కు పంపాక మళ్లీ ఒకసారి చూడక తప్పదు. మన దగ్గర చాలా ప్రెస్సులు ఇంకా అను ఫాంట్లలోనే పనిచేస్తాయి. మీరు యూనికోడ్‌లో పంపినది అక్కడికి మారేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ముఖ్యంగా "మర్దన", "ఒళ్లు", "అరికాళ్ల" చూసుకోండి. మర్దనలో దకు ఒత్తు పెట్టి "మర్ధన" చేయడం కూడా మామూలే. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు, కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకు తగులుతాయి. ఇంగ్లీషు కంటే కాస్త ఎక్కువ ఎడం ఇమ్మని ముందే చెప్పండి. చోటు చాలకపోతే అక్షరం చిన్నది చేయనివ్వకండి, వాక్యం ఒకటి తీసేయండి.

మిగిలింది రిసెప్షన్. మెనూ ఎంత శుభ్రంగా రాసినా, ఫోన్‌లో "మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందాండీ?" అని అడిగితే "ఆ, బాగా తగ్గుతాయి" అనేస్తారు. అలవాటు మరి. ఆ హోటల్ అమ్మాయికి మెనూతోపాటు ఒక చీటీ కూడా రాసిచ్చాను. ఫోన్ పక్కనే అంటించుకుంది: "నొప్పి సంగతి డాక్టరు గారిని అడగండి అంకుల్. మేం చేసేది హాయిగా ఉండడానికి మర్దన. మెల్లగా చేయమంటారా, గట్టిగా చేయమంటారా?"